తలుపుకి కట్టే పుల్లీ, రెండేళ్ల వాడకం తర్వాత: చెయ్యి లేచింది, జడ పడలేదు

ఈ పుల్లీ మీద నా ఫిర్యాదు ఒక్కటే. చేతిని పైకి లేపుతుంది గానీ బయటికి తిప్పదు. భుజం పట్టేయడం, అంటే ఫ్రోజెన్ షోల్డర్, మొదలైనప్పుడు అన్నిటికంటే ముందు పోయేది ఆ తిరగడమే. తల దువ్వుకోవడానికి కావాల్సిందీ అదే.

మా ఫిజియో గదిలో రెండేళ్లుగా వాడుతున్నాం. కోఠి సర్జికల్ షాపుల్లో దొరికే మామూలు రకం: తలుపు పైన ఇరికించే పట్టీ, చిన్న చక్రం, తాడు, రెండు పిడులు. బాగున్న చేత్తో ఒక పిడి లాగితే రెండో పిడి పట్టుకున్న నొప్పి చెయ్యి పైకి లేస్తుంది. కొత్తలో నేనే చాలామందికి కొనుక్కోమని చెప్పాను. ఇప్పుడు భుజాన్ని చూడకుండా ఎవరికీ చెప్పడం లేదు.

దువ్వెన పట్టుకున్నవాళ్లని పక్కనుంచి గమనిస్తే విషయం అర్థమవుతుంది. మంచి భుజమైతే మోచెయ్యి పక్కకి లేస్తుంది, అదే సమయంలో జబ్బ ఎముక బయటికి తిరుగుతుంది, దువ్వెన మాడు దాటి వెనక్కి పోతుంది. పట్టేసిన భుజంలో ఎముక తిరగదు. మోచెయ్యి పక్కన నిలబడలేక ముందుకి జారిపోతుంది. చివరికి దువ్వెన తల దగ్గరికి రాదు, తలే వంగి దువ్వెన దగ్గరికి పోతుంది. కీలు చుట్టూ ఉండే సంచిలాంటి పొర ముందు భాగంలో వాచి, దళసరెక్కి బిగుసుకుంటుంది. ఎముక బయటికి తిరగాలంటే సాగాల్సింది సరిగ్గా ఆ ముందు భాగమే.

పుల్లీ ఎలా మోసం చేస్తుందో ఒక కేసు చెబుతాను. మల్కాజిగిరి వైపు నుంచి ఒకావిడ వచ్చేవారు, 52 ఏళ్లు, షుగర్ ఉంది. కుడి భుజం నొప్పి మొదలై 4 నెలలు. ఆ పక్కకి తిరిగి పడుకుంటే మెలకువ వచ్చేస్తోంది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. మోచెయ్యి నడుముకి ఆనించి ముంజేతిని బయటికి తిప్పమంటే కొద్దిగా కదిలి ఆగింది. నేను పట్టుకుని నెమ్మదిగా తిప్పినా అక్కడే ఆగింది. ఈ రెండో పరీక్షే ముఖ్యం. తనంతట తాను తిప్పలేక, వేరేవాళ్లు తిప్పితే తిరిగితే అనుమానం కండరం మీదకి, స్నాయువు మీదకి పోవాలి. ఎవరు తిప్పినా ఆగిపోతే, ఎక్స్‌రే కూడా బాగుంటే, ఫ్రోజెన్ షోల్డర్ అనుకోవచ్చు.

రోజుకి రెండుసార్లు, 10 నిమిషాల చొప్పున పుల్లీ చేయించాం. మూడు వారాల్లో కంటి ఎత్తు దాటని చెయ్యి తల పైదాకా పోయింది. అందరం సంతోషించాం. నాలుగో వారం ఆవిడ ఒక మాట అన్నారు: "తాడు లాగితే చెయ్యి పైకి పోతోంది మేడమ్, దువ్వెన మాత్రం చెవి దాటట్లేదు. రాత్రి నొప్పి మళ్లీ మొదలైంది."

అద్దం ముందు కూర్చోబెట్టి మళ్లీ చేయించాను. తాడు లాగిన ప్రతిసారీ కుడి భుజం మొత్తంగా చెవి వైపు లేస్తోంది, నడుము కొంచెం వెనక్కి వాలుతోంది. పైకి పోయిందనుకున్న దూరంలో సగం రెక్క ఎముకది, నడుముది. అసలు కీలు కదిలింది కొంచెమే. పైగా తాడు లాగేది బాగున్న చెయ్యి. దానికి నొప్పి తెలియదు కాబట్టి అవసరానికి మించి లాగేస్తుంది. వాపు తగ్గని దశలో అలా లాగితే రాత్రికి పోటు పెరుగుతుంది, పోటుకి భయపడి మర్నాడు చెయ్యి ఇంకా బిగపట్టుకుంటారు.

పుల్లీ ఆపేసి కర్ర పట్టించాం. మాప్ తీసేసిన కర్ర, మూడడుగులు. దీన్ని మాత్రం మనసారా మెచ్చుకుంటాను. ముందు 10 నిమిషాలు వేడి కాపడం. షుగర్ ఉన్నవాళ్లకి చర్మం మీద వేడి సరిగా తెలియకపోవచ్చు, అందుకే బ్యాగుకి తువ్వాలు చుట్టి పెట్టాలి. తర్వాత వెల్లకిలా పడుకుని, నొప్పి ఉన్న మోచెయ్యి కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టుకోవాలి. అది లేకపోతే మోచెయ్యి పరుపులోకి దిగి భుజం ముందుకి పొడుచుకొస్తుంది. మోచెయ్యి పక్కటెముకలకి ఆని ఉండాలి, ముంజెయ్యి పైకప్పు వైపు నిలబడాలి. కర్రని రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని, బాగున్న చేత్తో నెమ్మదిగా నెడితే నొప్పి చెయ్యి బయటికి వాలుతుంది. బిగువు తెలిసిన చోట ఆపి 10 లెక్కపెట్టి వెనక్కి రావాలి. 5 సార్లు, పూట పూటకీ. రెండు వారాల తర్వాత ఆపే సమయం 20, 30 లెక్కలకి పెంచుకోవచ్చు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, మోచెయ్యిని పక్కనుంచి ఎడంగా జరగనివ్వడం. అప్పుడు కర్ర బాగానే పోయినట్టు కనిపిస్తుంది, కీలు మాత్రం తిరగదు. మోచేతికీ పక్కటెముకలకీ మధ్య చేతిరుమాలు ఇరికించి, అది జారకుండా చూసుకుంటే చాలు. నొప్పి పదికి మూడు నాలుగు దాటకూడదు. చేశాక రెండు గంటలైనా సలుపు పోకపోయినా, ఆ రాత్రి నిద్ర చెడినా, మర్నాడు సగమే చేయాలి.

కొలతకి గడియారం ముల్లు లెక్క వాడాం. పడుకున్నవాళ్ల తల వైపు నిలబడి చూస్తే నిటారుగా ఉన్న ముంజెయ్యి 12. కుడి చెయ్యి వాలేకొద్దీ 1, 2 వైపు పోతుంది. ఆవిడ ఎడమ చేతిది 2కి సమానమైన వాలు. కుడిది మొదట్లో పన్నెండున్నర. ఎనిమిది వారాలకి 1 దాటింది, దువ్వెన చెవి వెనక్కి పోయింది. జడ అల్లుకోవడం అప్పటికి ఇంకా రాలేదు.

ఈ ఫలితమంతా కర్రదే అనను. మధ్యలో ఆర్థోపెడిక్ డాక్టర్ కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు, రాత్రి నొప్పి తగ్గడంలో దానికి పెద్ద వాటా ఉంది. ఆ తర్వాత కొద్ది రోజులు షుగర్ పెరిగింది కూడా, ఇంట్లో రోజూ చూసుకోవాల్సి వచ్చింది. నొప్పి మరీ ఎక్కువున్న రోజుల్లో కర్ర కూడా పక్కనపెట్టి ఊగులాట ఒక్కటే చేయించాం: బల్ల మీద బాగున్న చెయ్యి ఆనించి ముందుకి వంగి, రెండో చెయ్యి వేలాడదీసి, ఒంటిని ఊపితే చెయ్యి దానంతట అది ఊగాలి. ఫ్రోజెన్ షోల్డర్ అనే పేరు 1934లో పెట్టిన అమెరికన్ సర్జన్ కాడ్‌మన్ పేరు మీదే ఈ వ్యాయామాన్ని ఇప్పటికీ పిలుస్తారు.

మరి పుల్లీ కొనాలా? నొప్పి మొదలైన తొలి నెలల్లో, రాత్రి నిద్ర చెడుతున్నవాళ్లకి వద్దనే చెబుతాను. నొప్పి తగ్గి బిగువు మాత్రం మిగిలినవాళ్లకి, కర్రతో చెయ్యి కొంత తిరగడం మొదలయ్యాక, పైకి లేపడానికి పనికొస్తుంది. అప్పుడు కూడా ఎదురుగా అద్దం ఉండాలి, భుజం చెవి వైపు లేవగానే ఆపాలి. తలుపు మీ వైపు తెరుచుకునేది కాకూడదు, అవతలికి తెరుచుకునేదై ఉండాలి, గడియ పెట్టాలి. లేకపోతే తాడు లాగినప్పుడు తలుపే మీ మీదికొస్తుంది. పడి దెబ్బ తగిలాక చెయ్యి లేవనివాళ్లు, జ్వరంతో భుజం వాచినవాళ్లు కర్రా పుల్లీ రెండూ ముట్టుకోకుండా ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి. ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.