నా వాచీ ఆగిన ప్రతిసారీ నా వేగం పెరిగింది

ఈ జీపీఎస్ రన్నింగ్ వాచీ బరువెంత, బ్యాటరీ ఎన్ని రోజులొస్తుంది, ఎండలో స్క్రీన్ కనిపిస్తుందా లాంటివన్నీ ఈపాటికి చాలామంది రాసేశారు. రెండున్నరేళ్లుగా వారానికి నాలుగు రోజులు దీన్ని కట్టుకుని పరిగెడుతున్నాను. దీనితో నాకున్న పేచీ ఒక్కటే, మనం ఆగగానే టైమర్‌ని తనంతట తానే ఆపేసే ఆటో పాజ్. కొన్న కొత్తలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో "ముందు ఆటో పాజ్ ఆన్ చేసుకోండి" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పింది నేనే. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. పూర్తిగా కాదు, ముప్పావు వంతు.

మేముండేది కేపీహెచ్‌బీలో. ఆదివారం పొద్దున ఐదున్నరకు జేఎన్‌టీయూ దగ్గర మొదలుపెట్టి, మెట్రో లైను వెంట మూసాపేట వైపు వెళ్లి తిరిగొస్తే పది కిలోమీటర్లకు అటూ ఇటూగా అవుతుంది. దారి పొడవునా క్రాసింగులూ యూటర్న్‌లూ, ఆగిన బస్సు వెనక నుంచి దూసుకొచ్చే బైకులూ. ఎంత తెల్లవారుజామునైనా ఎనిమిది తొమ్మిదిసార్లు ఆగక తప్పదు. ఆగగానే వాచీ మణికట్టు మీద ఒకసారి వణికి టైమర్ ఆపేసేది, కదలగానే మళ్లీ వణికి మొదలుపెట్టేది. చెమట చేత్తో బటన్ వెతుక్కునే పని లేదు. ఇంటికొచ్చి చూసుకుంటే పది కిలోమీటర్లు 58:20లో, అంటే కిలోమీటరుకు పట్టే సమయం, పేస్, 5:50. సిగ్నల్ దగ్గర నిలబడ్డ పాపానికి నా పేస్ ఎందుకు చెడాలి అనుకునేవాణ్ని.

ఆ 5:50ని నమ్మి హాఫ్ మారథాన్‌కి పేరిచ్చాను. 21.0975 కిలోమీటర్లకు 5:50 అంటే 2:03 చిల్లర. ఇంట్లో కూడా అదే చెప్పి బయల్దేరాను. పన్నెండో కిలోమీటరు దాకా 5:50 దగ్గరే ఉన్నాను. పదమూడు దాటాక తొడలు బిగుసుకుపోయాయి. పదహారు దగ్గర నీళ్ల టేబుల్ పట్టుకుని నిలబడిపోయాను, ఆ తర్వాత ప్రతి నీళ్ల టేబుల్ దగ్గరా అదే కథ. గీత దాటాక వాచీ చూస్తే 21.42 కిలోమీటర్లు, 2:11:50, పేస్ 6:09. సరేలే, మరీ అంత ఘోరం కాదు అనుకున్నాను. సాయంత్రం ఫోన్‌కి నిర్వాహకుల మెసేజీ వచ్చింది, ఛాతీ మీది నంబరు కాగితానికి అంటించిన చిప్ లెక్క ప్రకారం 2:14:30. అంటే పేస్ 6:22.

కిలోమీటరుకు పదమూడు సెకన్లు ఎక్కడికి పోయాయా అని ఆ రాత్రి కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నాను. రెండు చోట్ల పోయాయి. చిప్ సమయానికీ వాచీ సమయానికీ తేడా 160 సెకన్లు. నేను నీళ్లు తాగుతూ, తొడలు పట్టుకుని నిలబడినంతసేపూ రేసు గడియారం నడుస్తూనే ఉంది, నా వాచీ ఒక్కటే మర్యాదగా ఆగింది. దీని వాటా కిలోమీటరుకు ఏడున్నర సెకన్లు. మిగిలిన దాదాపు ఆరు సెకన్లూ దూరంలో ఉన్నాయి. 2:14:30ని 21.0975తో భాగిస్తే 6:22, అదే సమయాన్ని 21.42తో భాగిస్తే 6:17. వాచీ దూరం ఎక్కువ చూపించింది కాబట్టి వేగమూ ఎక్కువ కనిపించింది.

దూరం సంగతి తర్వాత చెబుతాను. ముందు నన్ను ముంచిన ఆదివారాల గురించి. అదే పది కిలోమీటర్ల పరుగులో ఆగిన సమయాన్ని కూడా కలిపితే 1:07:05. ఇది ఎలాప్స్‌డ్ టైమ్ పేరుతో యాప్‌లో కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, నేను ఏనాడూ అక్కడిదాకా వెళ్లలేదు. దాని ప్రకారం పేస్ 6:42. దాదాపు తొమ్మిది నిమిషాలు నిలబడ్డానన్నమాట. 5:50 అబద్ధమని అనను, కదులుతున్నంతసేపూ ఆ వేగం నిజమే. కానీ అది ఒక పరుగు కాదు, మధ్యలో నిమిషం చొప్పున ఊపిరి తీసుకుంటూ చేసిన పది చిన్న పరుగుల అతుకు. నిలబడ్డ ప్రతిసారీ గుండె వేగం 165 నుంచి 125కి దిగేది. ఆ దిగడం కూడా రికార్డులో లేదు, ఎందుకంటే పాజ్‌లో ఉన్నంతసేపూ నా వాచీ గుండె లెక్కా రాయదు. గ్రాఫ్ చూస్తే గంటసేపు 160 మీద నిలకడగా పరిగెత్తిన మొనగాడిలా కనిపించేవాణ్ని. రేసులో బయటపడ్డ నా అసలు సత్తా 6:22, అంటే 5:50కీ 6:42కీ మధ్యలో ఎక్కడో.

దూరాన్ని కూడా పాజ్ మారుస్తుందా అని అనుమానం వచ్చి ఒకరోజు 400 మీటర్ల ట్రాక్‌కి వెళ్లాను. లోపలి లేన్‌లో పది రౌండ్లు, ప్రతి రౌండుకీ ఇరవై సెకన్లు ఆగడం. ఆటో పాజ్ ఆన్‌లో ఉంచితే 3.93 కిలోమీటర్లు వచ్చింది. రెండు రోజుల తర్వాత ఆఫ్ చేసి అదే పని చేస్తే 4.08. పరిగెత్తింది రెండుసార్లూ నాలుగే. ఒక్కోసారి చేసిన పరీక్షే కాబట్టి అంకెల్ని మరీ పట్టుకోవద్దు గానీ, కారణాలు మాత్రం కళ్ల ముందే కనిపించాయి. ఆన్‌లో ఉన్నప్పుడు నేను కదిలాక వాచీకి తెలిసేసరికి మూడు నాలుగు సెకన్లు పడుతోంది, ఆలోగా పరిగెత్తిన పది మీటర్లూ లెక్కలోకి రావు. పైగా ఆ మొదటి అడుగులే నెమ్మదైనవి, అవి కూడా తప్పుకోవడంతో పేస్ ఇంకాస్త ముస్తాబవుతుంది. ఆఫ్‌లో ఉన్నప్పుడు దానికి పూర్తిగా తిరగేసి. నేను చెట్టులా నిలబడ్డా జీపీఎస్ చుక్క నా చుట్టూ రెండు మూడు మీటర్లు తారట్లాడుతూనే ఉంటుంది, ఆ తారట్లాటను కూడా వాచీ దూరంగా కలిపేసుకుంటుంది. కాబట్టి ఆఫ్ చేసినంత మాత్రాన నిజం రాదు, తప్పు అవతలి వైపుకు జరుగుతుందంతే.

అన్నిటికన్నా కడుపు మండించింది మాత్రం మెట్రో లైను కింద. తల మీద కాంక్రీటు, రెండు పక్కలా అయిదారంతస్తుల షాపులు. ఉపగ్రహాల సిగ్నల్ నేరుగా అందదు, గోడలకు తగిలి తిరిగొస్తుంది. కూకట్‌పల్లి స్టేషన్ కింద నేను పరిగెడుతూనే ఉన్నాను, చెయ్యి వణికింది, చూస్తే పాజ్. వేగం సున్నాకు పడిందని దాని నమ్మకం. అరనిమిషం పోయాక స్టేషన్ నీడ దాటితే మళ్లీ మొదలు. మొదట్లో నేనే ఎక్కడో తడబడ్డాననుకునేవాణ్ని. ఒకరోజు కావాలని జేబులో ఫోన్‌లోనూ పరుగు రికార్డు పెట్టాను. వాచీ 9.74 అంది, ఫోన్ 10.02 అంది. మ్యాపు పెద్దది చేసి చూస్తే వాచీ గీత స్టేషన్ల దగ్గర స్కేలుతో గీసినట్టు తిన్నగా ఉంది. ఆగిన చోటునీ మొదలైన చోటునీ బొమ్మలో కలిపింది గానీ ఆ ముక్కను దూరంలో కలపలేదు. మీకూ ఇలా జరుగుతోందో లేదో తెలియాలంటే, ఎక్కడా ఆగకుండా ఒకరోజు పరిగెత్తి, టైమర్‌నీ ఎలాప్స్‌డ్ టైమ్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా వస్తే ఆగింది వాచీయే.

ఇక ఆటో ల్యాప్. ఇది నాకు నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది. ప్రతి కిలోమీటరుకూ ఒక వణుకు, ఆ కిలోమీటరు పేస్ కళ్ల ముందు. మొదట్లో గబగబా పరిగెత్తి చివర్లో చతికిలపడే నా అలవాటును బయటపెట్టింది ఇదే. అయితే ఆ కిలోమీటరు రోడ్డుది కాదు, వాచీది. రేసు దూరాన్ని కొలిచేవాళ్లు సైకిల్ చక్రం తిరుగుళ్లు లెక్కపెట్టి, మలుపుల్లో అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, వీలైనంత దగ్గరి దారిన కొలుస్తారు. పొరపాటున కూడా తగ్గకూడదని వెయ్యికి ఒకటి చొప్పున అదనంగా కలుపుతారు. మనమేమో మలుపుల్లో బయటి నుంచి వెళ్తాం, ముందువాణ్ని దాటడానికి పక్కకు జరుగుతాం, దానికి తోడు జీపీఎస్ గీత సన్నసన్నగా వంకర్లు తిరుగుతుంది. అందుకే 21.0975 నాకు 21.42 అయింది. రోడ్డు లెక్కన చూస్తే నా ఒక్కో ల్యాప్ 985 మీటర్లే. పది కిలోమీటర్ల బోర్డు ఇంకా 150 మీటర్ల దూరంలో ఉండగానే వాచీ పది అయిపోయిందని వణికింది. నా వేగానికి అది దాదాపు నిమిషం. లక్ష్యానికి తగ్గట్టే ఉన్నానని నమ్మిన ప్రతి కిలోమీటరులోనూ ఐదారు సెకన్లు వెనకబడుతూ వచ్చాను.

పాజ్ ఆన్‌లో ఉంటే ల్యాప్ ఇంకో అడుగు ముందుకేస్తుంది. పదహారో కిలోమీటరులో టేబుల్ పట్టుకుని అంతసేపు నిలబడ్డానా, ఆ ల్యాప్ పట్టికలో మిగతావాటిలాగే బుద్ధిగా కూర్చుంది. నా పరుగు అంతా కూలిపోయిన కిలోమీటరు అది.

మా బావది ఇంకో గోడు. ఆయన నాలుగు నిమిషాలు పరిగెత్తి ఒక నిమిషం నడిచే పద్ధతి. నా మాట విని ఆటో పాజ్ పెట్టుకున్నాడు, అదీ పూర్తిగా ఆగినప్పుడు కాకుండా, వేగం 9:00 పేస్ కన్నా తగ్గితే ఆగేలా. దాంతో నడిచినదంతా గాల్లో కలిసిపోయింది. "నెల్నాళ్లు ఎనిమిది కిలోమీటర్లు కొట్టొచ్చి ఏడూ చిల్లరే చూసుకున్నానయ్యా, నీ సలహా వల్ల" అని ఇప్పటికీ దెప్పుతాడు. అందులో తప్పు వాచీది కాదు, మా ఇద్దరిదీ.

ఇప్పుడు నా సెట్టింగులు ఇలా ఉన్నాయి. రోడ్డు పరుగుకు ఆటో పాజ్ ఆఫ్, ఆటో ల్యాప్ కిలోమీటరుకు ఆన్. సిగ్నల్ దగ్గర పేస్ పాడైతే పాడవనీ అని వదిలేస్తున్నాను, అది చూసే అలవాటు కావడానికి రెండు నెలలు పట్టింది. రేసుకు రెండూ ఆఫ్ చేసి, బోర్డు కనిపించినప్పుడల్లా ల్యాప్ బటన్ చేత్తో నొక్కుతాను. ఒకటీ అరా బోర్డు మరిచిపోతాను, అప్పుడు ఆ ల్యాప్ రెండు కిలోమీటర్లది అవుతుంది, మనసులోనే సగం చేసుకుంటాను. ట్రాక్ మీద 400లు కొట్టేటప్పుడు కూడా ఆటో ల్యాప్ తీసేస్తాను, లేకపోతే మూడో రౌండు మధ్యలో దూరి ముక్కలు చేస్తుంది.

పాపతో పార్కుకు వెళ్లే పరుగు కోసం వేరే ప్రొఫైల్ పెట్టుకున్నాను, అందులో ఆటో పాజ్ ఆన్‌లోనే ఉంది. పాప ప్రతి కుక్కపిల్ల దగ్గరా ఆగుతుంది, అక్కడ నాకు పేస్‌తో పనిలేదు. మీరుండేది సిగ్నళ్లు లేని చోటైతే, రేసులు పరిగెత్తే ఉద్దేశమే లేకపోతే, నా గొడవంతా మీకు వర్తించకపోవచ్చు. మెట్రో కింద పరిగెత్తేవాళ్లయితే మాత్రం కొన్న రోజే ఆఫ్ చేసుకోండి. మొన్న ఆదివారం అదే మూసాపేట దారిలో నాకు 6:31 వచ్చింది. గ్రూపులో పెడితే "ఏంటన్నా, స్లో అయిపోయావ్" అని ఒకాయన అడిగాడు. ఆయన ఆటో పాజ్ ఇంకా ఆన్‌లోనే ఉంది. పెట్టించింది నేనే.