సరుకు ఇవ్వనన్నారా? ఒప్పందం ఇప్పుడే ముగించాలా, గడువు దాకా ఆగాలా?

చిత్తూరు దగ్గర ఒక పల్ప్ ఫ్యాక్టరీ ఉందనుకుందాం. జూన్ 20న 50 టన్నుల తోతాపురి, కిలో ₹12 చొప్పున ఇస్తానని మండీ వ్యాపారి రాసిచ్చాడు. మే చివర్లో, "ఆ రేటుకు కాయ ఇవ్వను, వేరే చూసుకోండి" అని వాట్సాప్‌లో పెట్టాడు. "రేటు కష్టంగా ఉంది సార్" అని మాత్రమే అంటే అది నిరాకరణ కాదు, బేరం. ఇక్కడ మాట స్పష్టంగానే ఉంది.

భారత కాంట్రాక్ట్ చట్టం, 1872లోని 39వ సెక్షన్ ప్రకారం ఫ్యాక్టరీ వెంటనే ఒప్పందం ముగించవచ్చు. ఆ సంగతి రాతలో చెప్పి, వేరేచోట కిలో ₹15కు కొంటే, తేడా ₹3 చొప్పున లక్షన్నర నష్టపరిహారం అడగవచ్చు. అయితే సరసమైన రేటుకే కొనాలి, బిల్లులు దాచుకోవాలి.

ఆగితే ఒప్పందం ఇద్దరికీ బతికే ఉంటుంది. వ్యాపారి మనసు మార్చుకుని గడువుకు కాయ తెస్తే తీసుకోవాల్సిందే. ఈలోగా సరఫరాను చట్టమే నిషేధించే పరిస్థితి వస్తే అతను బయటపడతాడు. 1855 నాటి ఏవరీ, బౌడెన్ ఇంగ్లండ్ కేసులో జరిగింది అదే: సరుకు లేదని అవతలివాళ్లు చెప్పినా ఓడ కెప్టెన్ ఒడెస్సాలో ఎదురుచూశాడు, గడువు తీరకముందే క్రిమియన్ యుద్ధం మొదలై, ఆ శత్రు రేవులో సరుకు ఎక్కించడమే చట్టవిరుద్ధమైంది, పరిహారం హక్కు పోయింది.

సీజన్ కాయకైతే నా ఓటు ముగించడానికే. సరుకు ఇంకెక్కడా దొరకనప్పుడే ఆగండి. అప్పుడు కూడా "ఒప్పందం అమల్లోనే ఉంది, జూన్ 20న కాయ కావాలి" అని రాసి పంపండి.