ట్రూ-అప్ లెక్క నెలకా, మూడు నెలలకా, ఏడాదికా: ఏది మేలు?

ట్రూ-అప్ అనే మాట మన పత్రికల్లో కరెంటు బిల్లులతో బాగా పరిచయమైంది. విద్యుత్ సంస్థలు ముందు వేసుకున్న అంచనాకూ, తర్వాత నిజంగా అయిన ఖర్చుకూ మధ్య తేడాను వినియోగదారుల నుంచి వసూలు చేయడం అక్కడి అర్థం. సాఫ్ట్‌వేర్, క్లౌడ్ సేవలు కొనే పెద్ద కంపెనీల దగ్గర ఇదే మాట వేరే అర్థంలో నడుస్తుంది. ఏడాదికి ఇంత కొంటామని కంపెనీ ముందే మాట ఇస్తుంది, ఆ మాటకు ప్రతిగా ధరలో తగ్గింపు పొందుతుంది. వాడకం ఆ మొత్తానికి చేరకపోతే తగ్గినంత సొమ్మును, అంటే తరుగును, విక్రేత బిల్లు వేస్తాడు. ఆ బిల్లే ట్రూ-అప్. మైక్రోసాఫ్ట్ ఎంటర్‌ప్రైజ్ అగ్రిమెంటులో ట్రూ-అప్ అంటే ఏడాదిలో అదనంగా చేర్చుకున్న లైసెన్సులకు కట్టేది కాబట్టి అర్థం దాదాపు తలకిందులవుతుంది. ఒప్పందం చేతికి రాగానే ఆ మాట ఏ అర్థంలో వాడారో మొదట చూసుకోవాలి.

విక్రేతల ఇన్వాయిస్‌లు సరిచూడటం చాలాకాలంగా నా పని. కొనుగోలు విభాగం తగ్గింపు శాతం కోసం వారాల తరబడి బేరమాడుతుంది. తరుగును ఎంత కాలానికి ఒకసారి కొలుస్తారన్న వాక్యాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. నా అనుభవంలో డబ్బు పోయేది ఆ వాక్యం దగ్గరే.

ఉదాహరణగా హైదరాబాదులో ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మే ఒక సంస్థను ఊహించుకుందాం. బెంగళూరులోని విక్రేత నుంచి ఏడాదికి 1.20 కోట్ల రూపాయల సేవ కొంటామని ఒప్పుకుంది. ఒప్పంద సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి వరకు. నెలనెలా వాడకం బిల్లు వస్తుంది. పండుగల వ్యాపారం కాబట్టి వాడకం సమంగా ఉండదు. తగ్గింపు పోను ఏప్రిల్ నుంచి జూలై వరకు వరుసగా 7, 8, 7, 8 లక్షలు. ఆగస్టులో 10, సెప్టెంబరులో 12, దసరా దీపావళి వేళ అక్టోబరులో 18, నవంబరులో 14. డిసెంబరులో మళ్లీ 10కి దిగి, ఆపై 9, 7, 8. మొత్తం కలిపితే 1.18 కోట్లు. అంటే ఏడాది మొత్తం మీద తరుగు రెండు లక్షలే.

ఏడాదికి ఒకసారి కొలిచే ఒప్పందమైతే కట్టేది కూడా ఆ రెండు లక్షలే. నెలకు పది లక్షల కనీసం అని రాసుకుంటే కథ మారుతుంది. ఏప్రిల్‌లో మూడు, మేలో రెండు, ఇలా పది లక్షలకు చేరని ప్రతి నెలా తరుగు పడుతూ ఏడాదికి 16 లక్షలవుతుంది. అక్టోబరులో ఎనిమిది లక్షలు ఎక్కువ వాడిన సంగతి ఈ లెక్కలో ఎవరికీ గుర్తుండదు. తెలంగాణలో పెద్ద వినియోగదారులకిచ్చే హెచ్‌టీ కరెంటు కనెక్షన్ ఉన్నవారికి ఇది కొత్త కాదు. ఒప్పందంలో రాసుకున్న కాంట్రాక్టు డిమాండులో 80 శాతం, నమోదైన గరిష్ఠ డిమాండు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఆ నెల డిమాండు చార్జీ. ఒక నెల ఎక్కువ లాగారని మరో నెలలో తగ్గించరు.

మూడు నెలలకు ఒకసారి అంటే మధ్యేమార్గంలా వినిపిస్తుంది. మన సంస్థ విషయంలో అది దాదాపు నెలవారీ పద్ధతంత ఖరీదు. మొదటి త్రైమాసికంలో వాడకం 22 లక్షలు, తరుగు ఎనిమిది. చివరి త్రైమాసికంలో 24, తరుగు ఆరు. మొత్తం 14 లక్షలు. పండుగ నెలలన్నీ ఒకే త్రైమాసికంలో గుమిగూడటంతో అక్కడి 12 లక్షల మిగులు వృథా అయింది. అందుకే ఎవరైనా త్రైమాసికం అనగానే నేను అడిగే ప్రశ్న ఒకటే: ఏ త్రైమాసికానికి ఆ త్రైమాసికమేనా, లేక సంవత్సరం మొదటి నుంచి కలుపుకుంటూ వస్తారా?

కలుపుకుంటూ వచ్చే పద్ధతిలో ఇప్పటిదాకా వాడినదాన్నీ, ఇప్పటిదాకా ఇచ్చిన మాటనూ పోల్చి, పెద్దదాని నుంచి ఇప్పటికే బిల్లు చేసినది తీసేస్తారు. విక్రేత పంపే స్ప్రెడ్‌షీట్‌లో సూత్రం ఇలా ఉండాలి:

```
due_now = max(usage_to_date, commit_to_date) - billed_to_date
```

మన సంస్థకు ఈ రెండు త్రైమాసిక పద్ధతులు పక్కపక్కన పెడితే (లక్షల్లో, పన్ను కాకుండా):

| త్రైమాసికం | వాడకం | విడివిడిగా కొలిస్తే బిల్లు | కలుపుకుంటూ వస్తే బిల్లు |
|---|---|---|---|
| ఏప్రిల్–జూన్ | 22 | 30 | 30 |
| జూలై–సెప్టెంబరు | 30 | 30 | 30 |
| అక్టోబరు–డిసెంబరు | 42 | 42 | 34 |
| జనవరి–మార్చి | 24 | 30 | 26 |
| మొత్తం | 118 | 132 | 120 |

మూడో వరుస చూడండి. జూన్ చివర తరుగు పేరుతో తీసుకున్న ఎనిమిది లక్షలు పండుగ వాడకం వల్ల తిరిగి వచ్చాయి. సంస్థకు పడే భారమల్లా ఆ ఎనిమిది లక్షలు దాదాపు ఆరు నెలలు విక్రేత దగ్గర ఉండటమే. ఏటా పది శాతం వడ్డీ వేసుకున్నా అది 40 వేలు. విడివిడి పద్ధతిలో పోయేది 12 లక్షలు.

నా తీర్పు ఇది. వాడకంలో ఎత్తుపల్లాలున్న ఏ కంపెనీకైనా ఏడాది కొలతే మేలు. విక్రేత అంతకాలం ఆగనంటే కలుపుకుంటూ వచ్చే త్రైమాసికానికి ఒప్పుకోవచ్చు. నెలవారీ కనీసం మాత్రం జీతాల సాఫ్ట్‌వేర్ లాంటి, ప్రతి నెలా ఒకే తీరుగా సాగే సేవలకే సరిపోతుంది. ఏడాది కొలతకు ఇంకో ప్రయోజనం ఉంది. జనవరి చివరికి మన సంస్థ 1.03 కోట్లు వాడింది, మిగిలింది 17 లక్షలు, మామూలుగా వాడేది 15. ఆ రెండు లక్షలకు ఎలాగూ చేయాల్సిన పనిని, ఏప్రిల్‌లో పెట్టుకున్న డేటా మార్పిడినో మరొకదాన్నో, మార్చిలోకి జరుపుకోవచ్చు. అప్పుడు తరుగు సున్నా. దీని ఇబ్బంది కూడా చెప్పాలి. ఎవరూ గమనించకుండా ఏడాది గడిచిపోతే తరుగు మొత్తం ఒకేసారి మీద పడుతుంది. కాబట్టి అక్టోబరు నుంచి ప్రతి నెలా అంచనా తరుగును పుస్తకాల్లో కేటాయించి పెట్టుకోవాలి.

ఇక ఇన్వాయిస్ మీద ఇది ఎలా కనిపించాలి అన్నది. కొందరు విక్రేతలు తరుగును వాడకంలో కలిపేసి "ప్లాట్‌ఫాం ఫీజు, మార్చి: 10,00,000" అని ఒకే వరుసలో ఇస్తారు. ఇలాంటి బిల్లును సరిచూసే దారే ఉండదు. తరుగు తన వరుసలో తాను ఉండాలి, అది ఏ కాలానికి సంబంధించినదో రాసి ఉండాలి, తీసివేత కనిపించాలి. కలుపుకుంటూ వచ్చే పద్ధతిలో మార్చి ఇన్వాయిస్ ఇలా ఉంటే నాకు రెండు నిమిషాల పని:

```
Usage charges, 01-31 Mar                      8,00,000
Commitment shortfall, contract year 1         2,00,000
  (1,20,00,000 - 1,18,00,000)
Taxable value                                10,00,000
IGST 18%                                      1,80,000
Total                                        11,80,000
```

ఏడాదికి ఒకసారి వచ్చే తరుగైతే నేను వేరే ఇన్వాయిస్‌గానే అడుగుతాను. తరుగు మీద వివాదం వస్తే అదే కాగితంలో ఉన్న వాడకం సొమ్ము కూడా ఆగిపోతుంది. ఇన్వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో విక్రేతకు చెల్లించకపోతే, కొనుగోలు మీద కట్టే జీఎస్టీకి చెల్లించని మేరకు తీసుకున్న ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వాల్సి వస్తుంది. గొడవ లేని ఎనిమిది లక్షలను ఆ చిక్కులో ఎందుకు ఇరికించాలి?

వరుసకు పెట్టే పేరు కూడా ముఖ్యం. "పెనాల్టీ" అని రాస్తే ప్రశ్నలు మొదలవుతాయి. ఒప్పందం ఉల్లంఘించినందుకు కట్టే నష్టపరిహారం దానంతట అదే సేవకు ప్రతిఫలం కాదని 2022 ఆగస్టు 3 నాటి జీఎస్టీ సర్క్యులర్ 178 చెబుతోంది. పేరు పెనాల్టీ అయి, పక్కన 18 శాతం పన్ను ఉంటే మా ఆడిటరు ఆ క్రెడిట్ నిలుస్తుందా అని అడగడం న్యాయమే. కనీస కొనుగోలు తరుగు అని రాసి, జీఎస్టీలో అసలు సేవ రకాన్ని సూచించే ఎస్ఏసీ కోడ్ వేసి, ఒప్పందంలోని నిబంధన సంఖ్య ఇస్తే అది సేవ ధరలో భాగమని స్పష్టంగా ఉంటుంది. పన్ను పరిధిలోని వ్యాపారానికి ఆ పన్ను క్రెడిట్‌గా తిరిగి వస్తుంది. వైద్య సేవలకు పన్ను మినహాయింపు ఉన్న ఆసుపత్రికి రాదు. అలాంటి చోట రెండు లక్షల తరుగంటే 2.36 లక్షల ఖర్చు.

నేను కళ్లారా చూసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక ఏప్రిల్‌లో మాకు వచ్చిన ట్రూ-అప్ ఇన్వాయిస్ మేం లెక్కవేసుకున్నదానికి ఎన్నో రెట్లు ఉంది. రెండు మొత్తాలూ పక్కపక్కన రాసి తీసివేస్తే తేడా రూపాయితో సహా మార్చి వాడకం బిల్లుతో సమానంగా వచ్చింది. మార్చి వాడకానికి ఇన్వాయిస్ ఏప్రిల్ మొదటి వారంలో పుడుతుంది. విక్రేత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడిన తేదీని కాకుండా ఇన్వాయిస్ తేదీని చూసి, ఆ నెలను వచ్చే ఏడాది లెక్కలోకి తోసేసింది. పైన చెప్పిన సంస్థకే ఇలా జరిగితే తరుగు రెండు లక్షలకు బదులు పది లక్షలవుతుంది. తేడా మొత్తం మార్చి బిల్లంతే ఉంటే కారణం ఇదే. తేడా 18 శాతం చుట్టూ తిరుగుతుంటే ఒకరు పన్నుతో, మరొకరు పన్ను లేకుండా లెక్కవేశారని అర్థం. మద్దతు రుసుం, విక్రేత మార్కెట్‌ప్లేస్ ద్వారా ఇతర కంపెనీల నుంచి చేసిన కొనుగోళ్లు వాడకం కిందకు వస్తాయా రావా అన్నది మూడో అనుమానం. దానికి జవాబు ఒప్పందంలోనే దొరకాలి.

తప్పును దిద్దించడానికీ గడువులున్నాయి. ఈ-ఇన్వాయిస్‌కు వచ్చే నమోదు సంఖ్య ఐఆర్ఎన్‌ను 24 గంటల్లోపే రద్దు చేయగలరు. ఆ తర్వాత బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ విక్రేత క్రెడిట్ నోటే ఇవ్వాలి. పన్ను కూడా తగ్గాలంటే ఆ నోటును, సేవ అందిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30లోగా, లేదా వార్షిక రిటర్ను అంతకుముందే వేస్తే ఆ తేదీలోగా, రిటర్నులో చూపాలి. మా విషయంలో క్రెడిట్ నోటు జూన్‌లో చేతికి వచ్చింది. దాని మీద మొదటి ఇన్వాయిస్ సంఖ్య లేకపోవడంతో వెనక్కి పంపి, ఆ సంఖ్య వేయించాకే పుస్తకాల్లోకి ఎక్కించాం. తర్వాతి ఒప్పందంలో ఒక వాక్యం చేర్పించాం: తరుగును సేవ వాడిన తేదీల ప్రకారమే లెక్కించాలి, చివరి నెల వాడకం బిల్లు వచ్చిన 15 రోజుల తర్వాతే ట్రూ-అప్ ఇన్వాయిస్ ఇవ్వాలి.