ఇళ్ల లెక్క గడి: ఏడాదిన్నర వాడాక

విజయనగరంలో ఇంటింటికీ నెట్ కనెక్షన్లు ఇచ్చే ఒక ఆఫీసులో వారం వారం వచ్చే కామెంట్లను మేనేజర్ గారికి ఒక పేజీలో పెట్టివ్వాలి. వాట్సాప్, ఫోను, కౌంటరు అన్నీ కలిపి వారానికి యాభై నుంచి ఎనభై దాకా వస్తాయి. గూగుల్ షీట్స్ అంటే ఏమిటో అందరికీ తెలిసిందే, దాని గురించి ఇక్కడ చెప్పను. ఏడాదిన్నరగా వాడుతున్న ఒక్క ఫార్ములా గురించే ఈ సమీక్ష. ఒక విషయం మీద ఎన్ని కామెంట్లు వచ్చాయన్నది పక్కన పెట్టి, ఎన్ని వేర్వేరు ఇళ్ల నుంచి వచ్చాయో చెప్పే ఫార్ములా అది. నాకు దీని మీద నిజంగానే ప్రేమ ఉంది.

తేదీ A లో, కనెక్షన్ నంబరు C లో, విషయం E లో ఉంటాయి. వారం మొదలయ్యే సోమవారం తేదీ H1 లో వేస్తాం. ఫార్ములా ఇది:

```
=COUNTUNIQUEIFS(C2:C, E2:E, "స్పీడు", A2:A, ">="&H1, A2:A, "<"&H1+7)
```

దీని పక్క గడిలో మామూలు COUNTIFS పెట్టుకుంటే మొత్తం కామెంట్లు ఎన్నో వస్తుంది. రెండు అంకెలూ పక్కపక్కన కనబడితేనే దీని విలువ అర్థమవుతుంది.

ఒక వారం లెక్క చూడండి. మొత్తం 61 కామెంట్లు. స్పీడు తక్కువని 26, సాయంత్రం నెట్ ఆగిపోతోందని 14, పిలిచినా టెక్నీషియన్ రాలేదని 12, బిల్లు తప్పని 9. ఈ వరసలోనే పేజీ మేనేజర్ గారి చేతికి వెళ్తే సోమవారం మీటింగు అంతా స్పీడు మీదే నడుస్తుంది. ఇళ్ల లెక్క వేసి చూస్తే స్పీడు గురించి చెప్పినవి నాలుగే ఇళ్లు. కంటోన్మెంటులోని ఒక్క ఇంటి నుంచే 23 మెసేజ్‌లు వచ్చాయి, మిగతా మూడిళ్లు ఒక్కోసారి చెప్పి ఊరుకున్నాయి. సాయంత్రం నెట్ ఆగుతోందన్నవి మాత్రం 13 ఇళ్లు, వాటిలో 11 దాసన్నపేటవే. ఒక్క ఇల్లు తప్ప ఎవరూ రెండోసారి చెప్పలేదు. గట్టిగా అడగని జనం కాబట్టి వట్టి కామెంట్ల లెక్కలో వీళ్ల బాధ రెండో వరసకు పోయింది.

ఆ పదకొండు ఇళ్లవాళ్లూ చెప్పిన సమయాలు చూస్తే అన్నీ ఏడు, తొమ్మిది గంటల మధ్యవే. కరెంటు పోయినప్పుడే నెట్ పోతోందని నలుగురు రాశారు కూడా. లైన్‌మన్ వెళ్లి చూస్తే ఆ వీధి స్విచ్ పెట్టెలో బ్యాటరీ పాడై ఉంది. బ్యాటరీ మార్చాక ఆ విషయం కింద ఇళ్ల సంఖ్య మరుసటి వారం రెండుకు దిగింది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మెసేజ్ వచ్చిన సమయం వేరు, నెట్ పోయిన సమయం వేరు. జనం తెల్లారాక కూడా రాస్తారు. అందుకని నెట్ ఎప్పుడు పోయిందో ఫోను ఎత్తిన మనిషే అడిగి వేరే గడిలో రాయాలి. అది లేకపోతే అందరికీ ఒకే వేళలో పోతోందన్నది కనబడేదే కాదు.

ఇంత మెచ్చుకున్నాను గానీ, మొదటి మూడు నెలలూ ఇది తప్పు లెక్కే చూపించింది. తప్పు ఫార్ములాది కాదు, మేము నింపిన తీరుది. అప్పట్లో C గడిలో ఫోను నంబరు ఉండేది. ఒకే మనిషి నంబరు వాట్సాప్ నుంచి తెచ్చి పెడితే ముందు 91 ఉంటుంది, కౌంటరు పుస్తకంలో పది అంకెలే ఉంటాయి, ఇంకొకరు మధ్యలో ఖాళీ వదిలి రాస్తారు. షీటుకు ఇవి మూడు వేర్వేరు మనుషులు. దానికి తోడు ఆ ఇంట్లో అబ్బాయి తన ఫోను నుంచి కూడా రాస్తే ఒక ఇల్లు నాలుగైపోతుంది. అంటే గట్టిగా అరిచే గొంతును తగ్గించడానికి పెట్టిన లెక్కే దాన్ని మళ్లీ పెంచింది. ఇళ్ల సంఖ్య నమ్మదగినదేనా అని తెలుసుకోవడానికి ఒక పని చేయొచ్చు. ఆ వారం వరసలను C ప్రకారం సర్ది, కామెంటు గడిని కింద వరకూ చదవండి. ఒకే మాటతీరు రెండు నంబర్ల కింద కనబడితే అనుమానించాలి.

ఫోను నంబర్లు తప్ప ఇంకేమీ లేని ఆఫీసులు పక్కన ఒక గడి పెట్టి అంకెలు మాత్రమే ఉంచి, చివరి పది తీసుకోవచ్చు.

```
=RIGHT(REGEXREPLACE(TO_TEXT(B2),"\D",""),10)
```

ఇందులో ఫోను నంబర్లు ఉండేది B లో. నంబర్లు పెట్టేముందే B నిలువు వరసను Plain text చేసుకోవాలి. లేకపోతే + తో మొదలయ్యే నంబరును షీటు ఫార్ములా అనుకుంటుంది. అయితే ఇంట్లో రెండు ఫోన్ల చిక్కు దీనితో తీరదు. మాకు తీరింది కనెక్షన్ నంబరు అడిగి రాయడం మొదలుపెట్టాకే. ఒక్కో కాల్‌కు అర నిమిషం ఎక్కువ పడుతుంది, అయినా రాయాల్సిందే.

ఇప్పటికీ తీరనిది ఒకటుంది. రింగ్ రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లలో అందరి తరఫునా వాచ్‌మనే ఫోన్ చేస్తాడు. "మొత్తం బిల్డింగుకు నెట్ లేదండి" అంటాడు. షీటులో అది ఒక వరస, అంటే ఒక ఇల్లు. పన్నెండు ఫ్లాట్ల బాధ ఒకటిగా లెక్కయిపోతుంది. పన్నెండు వరసలు రాసేద్దామంటే, ఆ ఫ్లాట్లవాళ్లు ఎవరూ మనతో మాట్లాడలేదు. ఇప్పుడు పేజీలో "9 ఇళ్లు, దానికి తోడు ఒక అపార్ట్‌మెంటు (12 కనెక్షన్లు, వాచ్‌మన్ చెప్పినది)" అని విడిగా రాస్తున్నాం. అంకె అందంగా ఉండదు, కానీ నిజం అదే.

ఇక ఆ 23 మెసేజ్‌ల ఇంటి సంగతి. లెక్కలో ఒకటే అయినంత మాత్రాన దాన్ని చెత్తబుట్టలో వేయకూడదు. ఒక మనిషి అన్నిసార్లు రాశాడంటే చాలాసార్లు మన వాళ్లెవరూ జవాబివ్వలేదనే అర్థం. పేజీ అడుగున ఒక వరస పెడతాను: "1 ఇల్లు, 23 మెసేజ్‌లు, స్పీడు, టెక్నీషియన్ ఇంకా వెళ్లలేదు." మేనేజర్ గారు అది ఒక పనిగా చూస్తారు, ఊరంతటి సమస్యగా చూడరు. వైరు తెగి రోడ్డు మీద వేలాడుతోంది లాంటి మాట ఒక్కరే చెప్పినా సోమవారం దాకా ఆగదు, ఆ నిమిషమే ఫోను వెళ్లాలి. ఇళ్ల లెక్క అలాంటి వాటికి కాదు.

ప్రతి విషయం కింద ఒక కామెంటును ఉన్నదున్నట్టు పెడతాం. మొదట్లో పదునుగా ఉన్నదాన్ని ఏరేవాళ్లం. దాంతో ఇళ్ల లెక్క వేసి తగ్గించిన గొంతే ఉదాహరణ రూపంలో మళ్లీ పైకొచ్చేది. ఇప్పుడు ఒక్కో ఇంటి నుంచి ఒక్కటే తీసుకుని తేదీ ప్రకారం సర్ది, సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని పెడుతున్నాం. దాసన్నపేట వారంలో అది "నిన్న రాత్రి ఎనిమిదికి కరెంటు పోయింది, నెట్ కూడా పోయింది" అనే సాదా వాక్యం. మేనేజర్ గారికి పనికొచ్చింది కూడా అదే.

వారానికి ఎనభై కామెంట్లు, ప్రతి ఇంటికీ ఒక నంబరు, అన్నీ చదివి విషయం రాసే ఓపికున్న ఒక మనిషి ఉన్నచోట నేను దీన్ని వదలను. పేరు లేని చీటీలు వేసే పెట్టె మాత్రమే ఉన్నచోట ఇది పనిచేయదు, ఎవరు ఎన్నిసార్లు రాశారో తెలిసే దారే ఉండదు. మా కౌంటరు పెట్టెలో పడే చీటీలను అందుకే వేరే ట్యాబులో ఉంచి, పేజీలో వాటిని ఇళ్ల అంకెతో కలపకుండా విడిగా చూపిస్తున్నాం.