కాన్పుకి కంపెనీ పాలసీయా, సొంత ఫ్యామిలీ ఫ్లోటరా: ఏది మేలు?

పెళ్లిళ్ల సీజన్ అయ్యాక నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. "అన్నా, కంపెనీ ఇన్సూరెన్స్‌లో మెటర్నిటీ ఉంది కదా, మళ్లీ సొంతంగా ఇంకోటి తీసుకోవాలా?" విశాఖ రుషికొండలో ఐటీ ఉద్యోగాలు చేసేవాళ్లు అడుగుతారు, గాజువాకలో షాపు పెట్టుకున్నవాళ్లు కూడా కొంచెం తిప్పి ఇదే అడుగుతారు. అందరి చూపూ కాన్పుకి ఎంత ఇస్తారు, సిజేరియన్‌కి ఎంత ఇస్తారు అన్నదాని మీదే. నన్నడిగితే అది రెండో విషయం. పుట్టిన బిడ్డకి మొదటి రోజు నుంచి కవర్ ఉందా, ఉంటే ఎంత వరకు, ఇదే తేల్చాలి.

ఎందుకంటే కాన్పు ఖర్చు ముందే తెలిసిన ఖర్చు. రామ్‌నగర్ వైపు ఏ ఆస్పత్రికి వెళ్లినా ప్యాకేజీ ఎంతో కౌంటర్‌లోనే చెప్తారు, నెలలు చేతిలో ఉంటాయి, చిట్టీ పాడుకునో దాచుకునో సర్దుకోవచ్చు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి పసిబిడ్డల ఐసీయూలో, అదే ఎన్‌ఐసీయూలో, పెట్టాల్సి వస్తే మాత్రం ఎన్ని రోజులుంచుతారో, బిల్లు ఎక్కడ ఆగుతుందో డాక్టరు కూడా చెప్పలేడు. ఇన్సూరెన్స్ అవసరమయ్యేది అక్కడ.

ముందు కంపెనీ గ్రూప్ పాలసీ సంగతి. చాలా గ్రూప్ పాలసీల్లో మెటర్నిటీకి ఇన్నాళ్లు ఆగాలనే వెయిటింగ్ పీరియడ్ ఉండదు, తీసేసి ఇస్తారు. కాన్పుకి ఒక పరిమితి పెడతారు, మామూలు కాన్పుకి ఒకటి, సిజేరియన్‌కి కాస్త ఎక్కువ. బిడ్డకి మొదటి రోజు నుంచి కుటుంబం మొత్తం కవర్‌లో చోటిచ్చే గ్రూప్ పాలసీలు బాగానే ఉన్నాయి. లెక్క కోసం అనుకుందాం: పాలసీ 5 లక్షలు, సిజేరియన్ పరిమితి 75 వేలు, ఆస్పత్రి బిల్లు తల్లికి 1,10,000, బిడ్డ ఎన్‌ఐసీయూకి 3 లక్షలు. తల్లి బిల్లులో 35 వేలు మీ జేబులోంచి పోతాయి. బిడ్డ 3 లక్షలు 5 లక్షల కవర్‌లోంచి వస్తాయి, బిల్లులో మామూలుగా కట్ చేసే చిల్లర ఖర్చులు పోను.

ఇప్పుడు అదే పాలసీలో "నవజాత శిశువు కవర్ మెటర్నిటీ పరిమితికి లోబడి" అని రాసి ఉందనుకోండి. తల్లీ బిడ్డా ఇద్దరికీ కలిపి ఆ 75 వేలే, అది తల్లి బిల్లుకే అయిపోయింది, 3 లక్షలూ మీవే. ఆ ఒక్క ముక్కలో అంత తేడా ఉంది. హెచ్‌ఆర్ ఇచ్చే రెండు పేజీల బ్రోషర్‌లో "న్యూబోర్న్ కవర్: ఉంది" అని మాత్రమే ఉంటుంది, పరిమితి ఎంతో మెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే కవర్ ఉండే సొంత ఫ్యామిలీ ఫ్లోటర్‌లోనూ పరీక్ష అదే, కాకపోతే దానికి ముందు ఇంకో గడప ఉంది. మెటర్నిటీకి వెయిటింగ్ పీరియడ్ పాలసీని బట్టి 9 నెలల నుంచి 4 ఏళ్ల దాకా ఉంటుంది, 2, 3 ఏళ్లవే ఎక్కువ. అబ్బాయికి పాలసీ ఎన్నేళ్లుగా ఉన్నా, పెళ్లయ్యాక అమ్మాయిని చేర్చిన రోజు నుంచే సాధారణంగా ఆమె లెక్క మొదలవుతుంది. మధ్యలో రెన్యువల్ గడువుతో పాటు గ్రేస్ పీరియడ్ కూడా దాటిపోతే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

చాలామంది ఈ లెక్కని కాన్పు తేదీతో పోల్చి చూసి సరిపోయిందనుకుంటారు. ఉదాహరణకి పాలసీ 2024 జూన్ 10న మొదలైంది, వెయిటింగ్ 24 నెలలు. డాక్టరు ఇచ్చిన తేదీ 2026 జులై 20. నెలకి పైగా మిగులు ఉంది, టెన్షన్ లేదనుకుంటాం. కానీ 33వ వారం నిండిన రోజునే నొప్పులొచ్చి కాన్పయితే అది జూన్ 1. గడువుకి తొమ్మిది రోజులు తక్కువ. తల్లి క్లెయిమ్ పోతుంది, అంతవరకైతే భరించొచ్చు. చాలా ఫ్లోటర్లలో బిడ్డ కవర్ మెటర్నిటీ క్లెయిమ్‌కి ముడిపడి ఉంటుంది, ఆ క్లెయిమ్ చెల్లకపోతే బిడ్డదీ చెల్లదు. అంటే బిడ్డ ఎన్‌ఐసీయూకి వెళ్లడానికి, కవర్ లేకపోవడానికి కారణం ఒకటే: తొందరగా పుట్టడం! అందుకే నేను చెప్పేది, వెయిటింగ్ పీరియడ్‌ని కాన్పు తేదీకి కాకుండా దానికి కనీసం రెండు నెలలు ముందుకి సరిచూసుకోండి.

మెటర్నిటీ లేని ఫ్లోటర్ అయితే బిడ్డని సాధారణంగా 91వ రోజు నుంచే చేర్చుకుంటారు. ఈ 90 రోజులు ఎక్కడి నుంచి వచ్చాయంటే, పాలసీల్లో నవజాత శిశువు అంటే 90 రోజుల వయసు దాకా అనే నిర్వచనం. ఎన్‌ఐసీయూ అవసరం దాదాపు ఎప్పుడూ ఆ లోపే వస్తుంది. పైగా అప్పుడు చేర్చేటప్పుడు బిడ్డ డిశ్చార్జి సమ్మరీ అడిగి, దాన్ని చూసి నిర్ణయం తీసుకుంటారు.

మరి ఏది మేలంటారా? బిడ్డకి మొదటి రోజు నుంచి పూర్తి కవర్ ఇచ్చే గ్రూప్ పాలసీ ఉంటే కాన్పు దాని మీదే చేయించుకోండి, నా ఓటు దానికే. సొంత ఫ్లోటర్ కూడా ఉండాలి, ఉద్యోగం పోతే గ్రూప్ కవర్ కూడా పోతుంది కాబట్టి, కానీ అందులో మెటర్నిటీ కోసం అదనంగా కట్టొద్దు. ఏడాదికి 8 వేలు ఎక్కువ కట్టి మూడేళ్లు ఆగి 50 వేల పరిమితి పొందడమంటే, అందులో 24 వేలు ముందు మనం ఇచ్చి తర్వాత తెచ్చుకున్నట్టే. షాపులు, సొంత పనులు చేసుకునేవాళ్లకి ఈ వీలు లేదు. వాళ్లు పెళ్లయిన నెలలోనే మెటర్నిటీ ఉన్న ఫ్లోటర్ తీసుకోవాలి, అదీ బిడ్డ కవర్ మెటర్నిటీ పరిమితిలో ఇరుక్కోకుండా పాలసీ మొత్తం వరకు ఉన్నదే. కాన్పు పరిమితి పదివేలు తక్కువైనా పర్వాలేదు. ఇక పాత పాలసీని వేరే కంపెనీకి పోర్ట్ చేస్తే, అంటే మార్చుకుంటే, అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ కలిసొస్తుంది గానీ, పాతదానిలో మెటర్నిటీ లేకపోతే దానికి మాత్రం కొత్తగా ఆగాల్సిందే.

ఘోషా ఆస్పత్రి, కేజీహెచ్ లాంటి ప్రభుత్వాస్పత్రుల్లో కాన్పు ఉచితమే, జబ్బు చేసిన పసిబిడ్డకి వైద్యం కూడా. అది వేరే దారి, దానికి పాలసీతో పని లేదు.

మన వైపు తొలి కాన్పు పుట్టింట్లో కదా. అమ్మాయి ఏడో నెలలో శ్రీకాకుళమో పార్వతీపురమో వెళ్తుంటే, అక్కడి ఆస్పత్రి మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉందో లేదో, దానికి ఎన్‌ఐసీయూ ఉందో లేదో సీమంతానికి ముందే చూడండి. ఎన్‌ఐసీయూ లేకపోతే బిడ్డని అంబులెన్స్‌లో విశాఖ తీసుకొస్తారు, అప్పుడు తల్లి ఒక ఆస్పత్రిలో, బిడ్డ ఇంకో ఆస్పత్రిలో, రెండు క్లెయిములు.

ఒకే ఆస్పత్రిలో ఉన్నా బిడ్డకి వేరే అడ్మిషన్ నంబరు ఉంటుంది. పేరు పెట్టరు కాబట్టి చేతికి కట్టే పట్టీ మీద "బేబీ ఆఫ్" అని తల్లి పేరు రాస్తారు. ఆస్పత్రిలో ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే టీపీఏ డెస్క్‌లో తల్లికి పెట్టిన ప్రీ ఆథరైజేషన్, అంటే ముందస్తు అనుమతి, బిడ్డకి పనికిరాదు, బిడ్డ పేరున ఇంకొకటి పెట్టించాలి, ఎన్‌ఐసీయూలోకి తీసుకున్న రోజే. గ్రూప్ పాలసీ అయితే పుట్టిన సంగతి హెచ్‌ఆర్‌కి గడువులోపు తెలపాలి, అది చాలాచోట్ల 30 రోజులు. బర్త్ సర్టిఫికెట్ ఇంకా రాకపోయినా ఆస్పత్రి ఇచ్చిన కాగితంతో మెయిల్ పెట్టేయండి, సర్టిఫికెట్ తర్వాత పంపొచ్చు.