విదేశాల్లో ఉన్న మన పిల్లల పేరు మీద ఎఫ్‌డీ వేస్తున్నారా? రసీదు మీద ఆ మూడు అక్షరాలు చూడందే సంతకం పెట్టకండి

"ఎన్‌ఆర్‌ఐ ఎఫ్‌డీ అండీ, ట్యాక్స్ ఉండదు" అని బ్యాంకులో ఎవరైనా చెబితే అక్కడే ఆపి, ఎన్‌ఆర్‌ఈనా ఎన్‌ఆర్‌ఓనా అని అడగండి. రెండూ ఎన్‌ఆర్‌ఐ ఖాతాలే. ఒకదాని వడ్డీ మీద ఇండియాలో పైసా పన్ను లేదు. రెండోదాని వడ్డీలో నూటికి 31 రూపాయల 20 పైసలు ముందే కోసేస్తారు. ఈ ముక్క తెలిసి కూడా మాకు చెప్పకుండా సంతకాలు పెట్టించుకున్నారు. ఇంకా కోపం చల్లారలేదు, అందుకే ఈ రాత్రే రాస్తున్నాను. మన వైజాగ్‌లో ఇంటికొకరు బయట దేశంలో ఉన్నారు, ఇంకొకరికి ఇలా జరక్కూడదు.

బ్యాంకు పేరు రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది. ప్రైవేటు బ్యాంకు, మా గాజువాక వైపు బ్రాంచి, అంతవరకు చాలు.

మా తమ్ముడు దుబాయ్‌లో పనిచేస్తాడు. నాన్నగారి మందులకు, ఇంటి ఖర్చుకు మూడు నెలలకోసారి వడ్డీ వచ్చేలా 20 లక్షలు డిపాజిట్ చేద్దామనుకున్నాడు. వాడికి ఇక్కడ చదువుకునే రోజుల నాటి సేవింగ్స్ ఖాతా ఒకటి ఉంది. వాడు దుబాయ్ వెళ్లాక ఆ ఖాతానే బ్యాంకువాళ్లు ఎన్‌ఆర్‌ఓగా మార్చారు. రూల్ ప్రకారం అలా మార్చాల్సిందే, అందులో తప్పేం లేదు. డబ్బు పంపేముందు తమ్ముడు బ్రాంచిలో రిలేషన్‌షిప్ మేనేజర్‌ని వాట్సాప్‌లో అడిగాడు, వడ్డీ మీద పన్ను పడకుండా ఏ ఖాతాకి పంపాలని. ఆయన ఈ ఖాతా నంబరే ఇచ్చి, "సేమ్ అకౌంట్‌కి పంపండి సర్, ఎన్‌ఆర్‌ఐ ఎఫ్‌డీ వేసేద్దాం, ట్యాక్స్ ఫ్రీ" అని జవాబిచ్చాడు. ఆ మెసేజ్ మా దగ్గర భద్రంగా ఉంది.

సెప్టెంబరు చివర్లో డిపాజిట్ అయింది. వడ్డీ 6.6 శాతం. అంటే ఏడాదికి 1,32,000, మూడు నెలలకి 33,000 రావాలి. డిసెంబరు చివర్లో వచ్చిన మెసేజ్‌లో 22,704 అని ఉంది. బ్యాంకు తప్పుగా వేసిందనుకున్నాం. స్టేట్‌మెంట్ తీయిస్తే దాని కింద ఇంకో లైను ఉంది, టీడీఎస్ 10,296 అని. 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు, కలిపి 31.2 శాతం. ఏడాది మొత్తానికి లెక్కేస్తే 41,184 రూపాయలు.

మర్నాడు పొద్దున్నే నాన్నగారిని తీసుకుని బ్రాంచికి వెళ్లాను. ఆయనకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కి పైకి వచ్చారు. ఆ మేనేజర్ కుర్చీలోంచి కదల్లేదు, కూర్చోమని కూడా అనలేదు. వాట్సాప్ మెసేజ్ చూపించాను. చూసి, "ఎన్‌ఆర్‌ఓ కూడా ఎన్‌ఆర్‌ఐ అకౌంటే కదా మేడమ్, నేనేం తప్పు చెప్పలేదు" అన్నాడు. మరి ట్యాక్స్ ఫ్రీ అని ఎందుకు రాశారంటే, "ఫైల్ చేస్తే రిఫండ్ వస్తుంది, అంటే ఫ్రీయే కదా" అన్నాడు. నాన్నగారు నెమ్మదిగానే అడిగారు, బాబూ, ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిచి ఉంటే సరిపోయేది కదా అని. అప్పుడు ఆయన అన్న మాట నేను మర్చిపోలేను. "ఎన్‌ఆర్‌ఈ అంటే పాస్‌పోర్టు, వీసా, అక్కడి అడ్రస్ ప్రూఫ్ అన్నీ తెప్పించాలి అంకుల్. నెలాఖరు, మాకు అంత టైమ్ ఎక్కడిది?" వాళ్ల నెలాఖరు డిపాజిట్ లెక్క కోసం ఒక పెద్దాయన మందుల డబ్బులో మూడో వంతు పోయింది.

ఇప్పుడు అసలు తేడా చెబుతాను. బయట దేశంలో సంపాదించి, అక్కడినుంచి పంపే డబ్బు కోసం ఉన్నది ఎన్‌ఆర్‌ఈ. రూపాయల ఖాతానే, కానీ అసలు, వడ్డీ రెండూ ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి బయటికి పంపుకోవచ్చు. ఖాతాదారు ప్రవాసిగా ఉన్నంతకాలం ఆ వడ్డీకి ఇక్కడ పన్ను మినహాయింపు. ఇక్కడ పుట్టే ఆదాయం కోసం ఉన్నది ఎన్‌ఆర్‌ఓ. ఇంటి అద్దె, పొలం కౌలు, పాత డిపాజిట్లు, ఇలాంటివి. దాని వడ్డీకి పన్ను ఉంది. మనకి ఇక్కడ ఉన్నట్టు ఇంత దాటితేనే టీడీఎస్ అనే పరిమితి కూడా దానికి లేదు, మొదటి రూపాయి నుంచే కోస్తారు. తమ్ముడి డబ్బు దుబాయ్ జీతమే, నేరుగా ఎన్‌ఆర్‌ఈలో పడాల్సిన డబ్బు. ఎన్‌ఆర్‌ఓలో పడగానే దానికి వర్తించే రూలే మారిపోయింది. డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో కాదు, ఏ ఖాతాలో కూర్చుందో అదే వడ్డీ మీద పన్ను తేలుస్తుంది.

ఇంకో దారుణం వినండి. బయటికి వస్తుంటే కౌంటర్లో అమ్మాయి పిలిచి, "అంకుల్ చేత 15హెచ్ ఇప్పించండి, టీడీఎస్ ఆగుతుంది" అంది. ఎఫ్‌డీ ఉన్నది తమ్ముడి పేరు మీద. వాడు ప్రవాసి. 15జీ, 15హెచ్ ఇక్కడ నివాసం ఉన్నవాళ్లకే, ప్రవాసుల ఖాతాకి చెల్లవు. నాన్నగారు జాయింటుగా ఉన్నా వడ్డీ లెక్క మొదటి పేరు వాళ్లదే. వాళ్ల మాట నమ్మి ఆ ఫారం ఇచ్చి ఉంటే తప్పుడు డిక్లరేషన్ అయ్యేది.

రిఫండ్ సంగతి. అది వస్తుంది, కానీ ఆ మేనేజర్ చెప్పినంత తేలిక కాదు. తమ్ముడికి ఇండియాలో వేరే ఆదాయం లేదు. రిటర్న్ వేస్తే ఈ వడ్డీకి మామూలు శ్లాబులే వర్తిస్తాయి. పాత పద్ధతిలో 2.5 లక్షలు, 2025-26కి కొత్త పద్ధతిలో 4 లక్షల వరకు పన్ను లేదు కాబట్టి కోసినదంతా వెనక్కి రావాలి. దానికి ఐటీఆర్-2 వేయాలి, జూలై 31 లోపు. రిఫండ్ వచ్చేదాకా ఆ డబ్బు లేనట్టే. మందుల షాపువాడు రిఫండ్ వచ్చేదాకా ఆగడు కదా. ఒక విషయం గుర్తుంచుకోండి, 12 లక్షల దాకా పన్ను లేదని అందరూ అంటున్న రిబేటు ప్రవాసులకి వర్తించదు. ఇక్కడ అద్దెలు కూడా వస్తున్నవాళ్లు ఆ లెక్క వేసుకుని మోసపోకండి.

కోత తగ్గించే దారి ఒకటుంది. యూఏఈతో మనకున్న పన్ను ఒప్పందం ప్రకారం బ్యాంకు వడ్డీ మీద 12.5 శాతమే కోయాలి. మా లెక్కలో 10,296 బదులు 4,125. దానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్, ఆన్‌లైన్లో నింపే 10ఎఫ్ ఫారం బ్యాంకుకి ముందే ఇవ్వాలి. అమెరికాకి అయితే 15 శాతం. ఇదీ మాకు బ్రాంచిలో ఎవరూ చెప్పలేదు, మా ఆడిటర్ గారు చెప్పారు.

ఇప్పుడు మేం ఆ ఎఫ్‌డీ రద్దు చేసి డబ్బు ఎన్‌ఆర్‌ఈకి మార్చబోతున్నాం. మారుస్తారు, ఏడాదికి 10 లక్షల డాలర్ల పరిమితి లోపల. కానీ ముందు ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవాలి. 15సీఏ ఆన్‌లైన్లో వేయాలి, సీఏ చేత 15సీబీ సర్టిఫికెట్ తీసుకోవాలి, ఈ డబ్బు ఎక్కడిదో కాగితాలు చూపించాలి. ఆడిటర్ ఫీజు మనదే. ముందే రద్దు చేసినందుకు వడ్డీ రేటు తగ్గించి, ఎక్కువ ఇచ్చింది వెనక్కి పట్టుకుంటారు. దుబాయ్ నుంచి నేరుగా ఎన్‌ఆర్‌ఈకి పంపి ఉంటే ఇందులో ఒక్క కాగితం అక్కర్లేదు. ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ కనీసం ఏడాది ఉంచాలి, ఆ లోపు తీస్తే వడ్డీ సున్నా. కాబట్టి మధ్యలో అవసరం పడే డబ్బు అందులో వేయకండి.

మా వీధిలో చాలామంది అడుగుతున్నారు, అసలు పిల్లలు పంపే డబ్బు మీదే పన్ను పడుతుందా అని. పడదు. కొడుకో కూతురో అమ్మానాన్నలకి పంపేది ఎంతైనా అది బంధువు ఇచ్చిన కానుక కిందే లెక్క, పన్ను లేదు. ఆ డబ్బు నాన్నగారి ఖాతాలో, నాన్నగారి పేరు మీదే ఎఫ్‌డీ వేస్తే వడ్డీ ఆయన ఆదాయం. అప్పుడు 60 దాటినవాళ్లకి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ లక్ష దాటితేనే టీడీఎస్, అదీ 10 శాతం. ఆయన మీద పన్ను ఏమీ పడనప్పుడు 15హెచ్ ఇవ్వొచ్చు. అదే భర్త పంపిన డబ్బుతో భార్య పేరు మీద ఎఫ్‌డీ వేస్తే ఆ వడ్డీని భర్త ఆదాయంలోనే కలుపుతారు. ఈ తేడా తెలియక ఇబ్బంది పడేవాళ్లు ఉన్నారు.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక మాట. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు గానీ, అక్కడ ట్యాక్స్ రెసిడెంట్ అయితే ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అక్కడి రిటర్న్‌లో చూపించాలి. ఇక్కడ మినహాయింపు ఉందని అక్కడ వదిలేయకూడదు. అలాగే మనవాళ్లు పూర్తిగా ఇండియాకి వచ్చేస్తే ఎన్‌ఆర్‌ఈ ఖాతాని మామూలు ఖాతాగా మార్పించాలి. ఎఫ్‌డీ గడువు ఇంకా ఉన్నా, వచ్చేశాక వచ్చే వడ్డీకి ఆ మినహాయింపు ఉండదు.

చెప్పాల్సింది ఇంతే. డబ్బు పంపేముందు ఖాతా రకం ఈమెయిల్‌లో రాయించుకోండి. మా రసీదు మీద పథకం పేరు దగ్గర చిన్న అక్షరాల్లో NRO అని ఉంది, మీ చేతిలో రసీదు ఉంటే ఇప్పుడే ఆ లైను చూడండి. ఫిర్యాదు ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా cms.rbi.org.in లో ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు, ఫీజు లేదు. మేం బ్యాంకుకి ఇచ్చేశాం, ఆ వాట్సాప్ మెసేజ్ స్క్రీన్‌షాట్‌తో సహా.