అమ్లోడిపిన్ మూడేళ్ళు వాడాక, నా పల్స్ సంగతి

అమ్లోడిపిన్‌కు ముందు నాలుగేళ్ళు బీపీకి మెటోప్రొలాల్ 50 ఎంజీ వేసుకున్నాను. అది బీటా బ్లాకర్, గుండె వేగాన్ని తగ్గించే రకం. బీపీ అదుపులోనే ఉండేది కానీ, పొద్దున్నే మిషన్ పెట్టుకుంటే పల్స్ 54, 56 చూపించేది. మూడంతస్తులు ఎక్కినా 95 దాటేది కాదు. గుండె తొందరపడదు, కాళ్ళు మాత్రం లాగేసేవి. వేళ్ళు చల్లబడేవి.

నీరసం భరించలేనంటే డాక్టరుగారు మందు మార్చారు. మెటోప్రొలాల్ ఒక్కసారిగా ఆపకూడదట, ఆపితే గుండె ఎగిరిపడుతుందట. రెండు వారాలు 25 ఎంజీ వేసుకుని ఆపేశాను. ఈలోగానే అమ్లోడిపిన్ 5 ఎంజీ మొదలైంది.

నెల తిరిగేసరికి పల్స్ 76! మెట్లెక్కితే 118. మందు పడలేదనుకుని రాత్రిళ్ళు లేచి మరీ చూసుకునేవాణ్ణి. బీపీ మాత్రం 130/82 దగ్గరే నిలిచింది. "ఇది మీ అసలు పల్స్ అండీ. ఇన్నాళ్ళూ మందు పట్టి ఉంచింది" అన్నారాయన. అమ్లోడిపిన్ పనంతా రక్తనాళాల గోడల మీదే. అవి వదులై బీపీ దిగుతుంది, గుండె వేగాన్ని అది పెద్దగా పట్టించుకోదు. ఒంట్లో దాని మోతాదు నిలకడకు రావడానికే వారం పైన పడుతుంది కాబట్టి నాలుగో రోజు రీడింగు చూసి తీర్పు చెప్పడం తొందరపాటే.

ఇంతలో ఇంకో తికమక. అమ్లోడిపిన్ లాగే మా అన్నయ్య వాడేదీ కాల్షియం ఛానల్ బ్లాకరే, పేరు డిల్టియాజెమ్. ఆయన పల్స్ 60 దగ్గరే ఉంటుంది. ఒకే కుటుంబం మందులే అయినా డిల్టియాజెమ్, వెరాపమిల్ గుండెలో విద్యుత్తు పుట్టే చోటా, అది దాటే చోటా పని చేసి వేగం తగ్గిస్తాయి. ఒకసారి ఆయనకు దడగా ఉందంటే నా దగ్గర మిగిలిన మెటోప్రొలాల్ ఇవ్వబోయాను. వదిన ఎందుకో అనుమానపడి డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన గట్టిగానే తిట్టారు. నేను వేసుకునే అమ్లోడిపిన్‌తో బీటా బ్లాకర్ కలిపి రాయడం మామూలేనట. అన్నయ్య మందుతో కలిస్తే మాత్రం ఇద్దరూ ఒకే బ్రేకు తొక్కినట్టు. పల్స్ నలభైల్లోకి జారి, కళ్ళు తిరిగి పడిపోవచ్చు. ఆ స్ట్రిప్పు అప్పుడే పారేశాను.

అమ్లోడిపిన్‌తో నాకున్న ఫిర్యాదు ఒక్కటే, చీలమండల వాపు. మధ్యలో 10 ఎంజీ చేసినప్పుడు సాయంత్రం సాక్స్ విప్పితే చుట్టూ వేలు పట్టేంత గాడి. ఒళ్ళు నీరు పట్టిందని భయపడ్డాను కానీ, ఇది వదులైన సన్నని నాళాల నుంచి ఊరే నీరట, అందుకే నీరు తీసే మాత్రలతో పెద్దగా తగ్గదట. మళ్ళీ 5కి దించి టెల్మిసార్టాన్ అనే ఇంకో బీపీ మందు 40 ఎంజీ జోడించారు. ఇప్పుడు గాడి పడుతుంది కానీ, పొద్దుటికి పోతుంది. పల్స్ 74.